ఒకే సీసా, మూడు కాగితాలు: సెంటు వాసన గంటగంటకూ ఎందుకు మారుతుంది
(బెంగళూరులో తెలుగువారి ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే వైట్‌ఫీల్డ్ నుంచీ, ఎలక్ట్రానిక్ సిటీ నుంచీ ఇంత దూరం వచ్చారు, చాలా సంతోషం. ఒక్కొక్కరి చేతికీ మూడేసి సన్నటి కాగితం ముక్కలు అందాయి కదా. మా ల్యాబ్‌లో వీటిని బ్లాటర్లు అంటాం. మూడింటి మీదా పెన్సిల్‌తో టైం రాసి ఉంది చూడండి. ఒకటి నిన్న రాత్రి తొమ్మిదికి సెంటులో ముంచింది. ఇంకొకటి ఇవాళ పొద్దున ఏడింటికి ముంచింది. మూడోది ఇప్పుడే, పదిన్నరకు, మీ కళ్ల ముందే ముంచి ఇచ్చాను. మూడింటి మీదా ఉన్నది ఈ ఒక్క సీసాలోని సెంటే. పదిన్నర కాగితాన్ని మాత్రం ఒక్క నిమిషం ఆగి వాసన చూడండి. ఇప్పుడే ముక్కు దగ్గర పెట్టుకుంటే తగిలేది ఆల్కహాల్ ఘాటు, అంతే. అది పోనివ్వండి.

ఈలోగా సీసాలో ఏముందో చెబుతాను. ఇది అమ్మే సెంటు కాదు, ఈ మాట కోసం నేనే కలిపి తెచ్చాను. అమ్మే సెంట్లలో యాభై, వంద దినుసులు ఉండడం మామూలు. అన్ని ఉంటే ఏది ఎప్పుడు వెళ్లిపోతోందో కొత్తవాళ్లకు తెలియదు. అందుకని ఇందులో మూడే పెట్టాను. వంద గ్రాముల సెంటులో 85 గ్రాములు ఆల్కహాల్. మిగిలిన 15 గ్రాముల్లో ఆరు గ్రాములు బెర్గమాట్ నూనె, ఐదు గ్రాములు మల్లె మిశ్రమం, నాలుగు గ్రాములు గంధం నూనె.

బెర్గమాట్ అంటే ఇటలీలో కలాబ్రియా ప్రాంతంలో ఎక్కువగా పండే ఒక పుల్లటి పండు. మన దబ్బకాయకు చుట్టం అనుకోండి. దాని తొక్కను పిండి నూనె తీస్తారు. ఎర్ల్ గ్రే టీ తాగినవాళ్లకు ఈ వాసన తెలిసే ఉంటుంది. మల్లె మిశ్రమంలో కొద్దిగా అసలు మల్లె సారం ఉంది, మిగతాది మల్లెపువ్వులో ఉండే రసాయనాలూ, వాటికి దగ్గరి రసాయనాలూ కలిపి కట్టింది. గంధం గురించి బెంగళూరులో కూర్చుని నేను వేరే చెప్పక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి మైసూరు గంధపు చెక్క ఎగుమతి ఆగిపోతే, 1916లో మైసూరులో సొంతంగా గంధం నూనె తీసే ఫ్యాక్టరీ పెట్టారు. అప్పటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన ఇంటిపేరులో ఉన్న మోక్షగుండం మన ఆంధ్రప్రదేశ్ ఊరే కాబట్టి ఈ హాల్లో ఆ మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేకపోయాను.

సరే, నిమిషం దాటింది. ఇప్పుడు పదిన్నర కాగితం వాసన చూడండి. తర్వాత పొద్దుటిది, ఆ తర్వాత రాత్రిది.

చూశారా? మొదటిదాంట్లో నిమ్మజాతి తొక్క గిల్లినప్పటి చురుకుదనం. పొద్దుటిదాంట్లో మల్లె ముందుకొచ్చింది, పండు వాసన దాదాపు లేదు. రాత్రిదాంట్లో గంధం, దాని పక్కన పల్చగా పువ్వు నీడ. సెంటు డబ్బా మీద ముద్రించే టాప్ నోట్, హార్ట్ నోట్, బేస్ నోట్ అనేవి ఇవే. మొదట పలికేది టాప్, మధ్యలో నిలిచేది హార్ట్, చివరిదాకా మిగిలేది బేస్.

ఇక్కడే చాలామంది ఒక విషయం తప్పుగా అనుకుంటారు, నేను ఇవాళ చెప్పదలచుకున్నది కూడా అదే. డబ్బా మీద త్రికోణం బొమ్మ వేసి మూడు అంతస్తులు చూపించడం వల్ల, ముందు టాప్ వచ్చి వెళ్లిపోతుంది, అప్పుడు హార్ట్ మొదలవుతుంది, అది అయ్యాక బేస్ వస్తుంది అనిపిస్తుంది. అలా వంతులవారీగా ఏదీ రాదు. మూడూ మొదటి నిమిషం నుంచే ఉంటాయి. పెళ్లి హాల్లో జనమంతా ఒకేసారి ఉంటారు, అక్షింతలు పడగానే సగంమంది భోజనాలకు లేస్తారు, తర్వాత ఇంకొంతమంది బస్సు టైమని వెళ్తారు, సాయంత్రానికి ఇంటివాళ్లే మిగులుతారు. ఇంటివాళ్లు సాయంత్రం వచ్చినవాళ్లు కాదు, పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నారు. జనంలో కనబడలేదు, అంతే. గంధం కూడా అలాగే మీ పదిన్నర కాగితంలో ఇప్పుడే ఉంది. కళ్లు మూసుకుని మెల్లగా పీల్చి చూడండి. బెర్గమాట్ వెనక మెత్తగా, కాస్త పాల వాసన కలిసినట్టు ఒకటి తగులుతుంది. అదే గంధం.

మరి ఎవరు ముందు వెళ్లాలి, ఎవరు ఆగాలి అనేది ఎలా తేలుతుంది? ఆవిరయ్యే వేగాన్ని బట్టి. బెర్గమాట్ నూనెలో ఎక్కువ పాలు లిమోనీన్ అనే పదార్థం. కమలా తొక్కలో, నిమ్మ తొక్కలో ఉండేది కూడా అదే. అది చాలా తేలికగా ఆవిరవుతుంది. మల్లె మిశ్రమంలో వేసిన హెడియోన్ అనే పదార్థంతో పోలిస్తే మామూలు గది వేడిలో లిమోనీన్ ఆవిరయ్యే గుణం వేల రెట్లు ఎక్కువ. అందుకే కాగితం మీద ఉన్న లిమోనీన్ చాలావరకు పావుగంట, అరగంటలో గాల్లోకి లేచిపోతుంది. ఒక్కసారిగా అంత ఎక్కువ లేస్తుంది కాబట్టే మొదట్లో మిగతావాటిని కప్పేస్తుంది. టాప్ నోట్ బలంగా ఉండడానికీ, తొందరగా పోవడానికీ కారణం ఒకటే.

బెర్గమాట్‌లో ఇంకో ముఖ్యమైన భాగం లినలైల్ ఎసిటేట్. లావెండర్‌లో కూడా ఉంటుంది. ఇది లిమోనీన్ కంటే నెమ్మది, కాగితం మీద గంటా రెండు గంటలు ఉంటుంది. అంటే ఒకే పండు నూనెలో కొంత ముందు వెళ్తుంది, కొంత ఆగి వెళ్తుంది. ఇరవై నిమిషాలు పోయాక మీ పదిన్నర కాగితంలో పుల్లదనం తగ్గి, సబ్బు లాంటి శుభ్రమైన తీపి వాసన వస్తే, అది ఈ లినలైల్ ఎసిటేట్ పని.

పాతకాలపు కొలోన్‌లు దాదాపు పూర్తిగా ఈ మొదటి దశ మీదే నడిచేవి. 1709లో జర్మనీలోని కొలోన్ నగరంలో ఫరీనా అనే ఇటలీ కుటుంబం మొదలుపెట్టిన వ్యాపారం ఇప్పటికీ ఉంది. బెర్గమాట్, నిమ్మ, నారింజ పూల నూనెలు వాళ్ల కొలోన్‌లో ప్రధానం. అది గంటలో పోతుందని చాలామంది పెదవి విరుస్తారు. నా ఉద్దేశంలో అది లోపం కాదు. స్నానం చేసి రాసుకుని, పోయాక మళ్లీ రాసుకునే పద్ధతికి చేసిన వస్తువు అది. మన చెన్నై, విజయవాడ ఎండలకు అదే సుఖం.

ఇప్పుడు పొద్దుటి ఏడింటి కాగితం దగ్గరికి వద్దాం. మల్లె గురించి కాస్త తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే నాకు ఇష్టమైంది ఇదే, పైగా ప్రపంచంలో పెద్ద పెద్ద సెంటు కంపెనీలు వాడే మల్లె, జాజి సారాల్లో చాలా భాగం మన పక్కనే తమిళనాడులో, మదురై, కోయంబత్తూరు వైపు తీసేది. మల్లెను నీటి ఆవిరి పట్టి నూనె తీయడం లాభం లేదు, ఆ వేడికి వాసన చెడుతుంది. అందుకని పూలను హెక్సేన్ అనే ద్రావకంలో నానబెడతారు. ద్రావకం పోగా మైనం కలిసిన ముద్ద మిగులుతుంది, దాన్ని ఆల్కహాల్‌తో కడిగి మైనం తీసేస్తే మిగిలేది అసలు సారం. దాన్ని అబ్సల్యూట్ అంటారు. ముదురు రంగులో, చిక్కగా ఉంటుంది. సీసా మూత తీస్తే మొదట మల్లె అనిపించదు, అంత ఘాటు. చుక్క తీసి ఆల్కహాల్‌లో బాగా పల్చన చేస్తే అప్పుడు పువ్వు పలుకుతుంది.

మల్లె వాసనలో ఏముంటుంది? బెంజైల్ ఎసిటేట్ అనే పదార్థం ఒకటి ఎక్కువ. విడిగా వాసన చూస్తే అరటిపండు కలిసిన పూల వాసన, తియ్యగా ఉంటుంది. ఇది మధ్యస్తంగా ఆవిరవుతుంది, రెండు మూడు గంటల్లో చాలావరకు పోతుంది. ఇండోల్ అనేది చాలా కొద్దిగా ఉంటుంది. చిక్కగా వాసన చూస్తే బీరువాలో వేసే కలరా ఉండలు గుర్తొస్తాయి. పిసరంత ఉంటేనే మల్లె సజీవంగా ఉంటుంది, తీసేస్తే ప్లాస్టిక్ పువ్వయిపోతుంది. ఇది మెల్లగా వెళ్తుంది. ఇప్పుడు మీ అందరికీ తెలిసిన ఒక సంగతి. సాయంత్రం జడలో పెట్టుకున్న మల్లెపూల దండ వాసనా, మర్నాడు పొద్దున దిండు మీద రాలిన పూల వాసనా ఒకటేనా? కాదు. పొద్దుటికి తీపి తగ్గి, ఒక బరువైన, మగ్గిన వాసన వస్తుంది. పువ్వు వాడడం వల్ల వచ్చే మార్పులు వేరే కొన్ని ఉన్నా, తేలికవి ముందు వెళ్లిపోయి ఇండోల్ లాంటివి మిగలడం అందులో ఒక కారణం.

మల్లె మిశ్రమంలో మూడో ముఖ్యమైనది ఇందాక చెప్పిన హెడియోన్. మల్లె జాతి పూలలో ఉండే ఒక పదార్థానికి దగ్గరి చుట్టాన్ని స్విట్జర్లాండ్‌లో ఫిర్మెనిష్ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు తయారు చేశారు. 1966లో ఎడ్మండ్ రుద్నిస్కా అనే ఫ్రెంచి పెర్ఫ్యూమర్ ఓ సవాజ్ అనే మగవాళ్ల సెంటులో దాన్ని వాడాక అందరికీ దాని విలువ తెలిసింది. విడిగా వాసన చూస్తే దాదాపు ఏమీ లేదనిపిస్తుంది, తడి గాలి, పల్చటి పువ్వు. కానీ మిశ్రమంలో పడితే పక్కవాటికి గాలి తగిలినట్టు చేస్తుంది. ఇది కాగితం మీద రోజుల తరబడి ఉంటుంది. అంటే, మల్లెను హార్ట్ నోట్ అని డబ్బా మీద రాస్తాం గానీ, దాని లోపల బెంజైల్ ఎసిటేట్ పైకి, హెడియోన్ కిందికి సాగుతాయి. నిన్న రాత్రి కాగితంలో గంధం పక్కన పువ్వు నీడ ఉందని చెప్పానే, అది హెడియోన్.

ఏది ఏ వరసలోకి వస్తుందో ముందుగా ఓపిగ్గా లెక్క కట్టినవాళ్లలో ఇంగ్లండుకు చెందిన విలియం పౌచర్ ఒకరు. 1950లలో ఆయన ఒక్కో దినుసునూ కాగితం మీద వేసి, దాని అసలు వాసన ఎంతసేపు నిలుస్తుందో చూసి 1 నుంచి 100 దాకా నంబర్లు ఇచ్చాడు. 14 దాకా టాప్, 15 నుంచి 60 దాకా హార్ట్, ఆపైన బేస్. గంధానికి 100 ఇచ్చాడు. ముక్కుతో, గడియారంతో చేసిన పని అది. ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్లను మేం అదే పనిలో కూర్చోబెడతాం.

బరువైన అణువులు ఆలస్యంగా వెళ్తాయి, తేలికవి ముందు వెళ్తాయి అని పుస్తకాల్లో ఒక ముక్కలో చెబుతారు. చాలావరకు నిజమే, కానీ వెనిలా ఆ సూత్రానికి లొంగదు. లావెండర్‌లో ఉండే లినలూల్ అణుభారం 154, వెనిలా వాసననిచ్చే వెనిలిన్ అణుభారం 152. బరువు దాదాపు సమానం. అయినా లినలూల్ కాగితం మీద కొన్ని గంటల్లో పోతుంది, వెనిలిన్ వారాల తరబడి ఉంటుంది. వెనిలిన్ అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, గది వేడిలో అది గట్టి పొడి. ద్రవంగా ఉన్న లినలూల్‌లో ఆ పట్టు తక్కువ. కాబట్టి బరువు ఒక్కటే చాలదు, పట్టు కూడా చూడాలి.

ఇక గంధం. నూనెలో ఎక్కువ భాగం శాంటలాల్‌లు, అందులోనూ ఆల్ఫా శాంటలాల్ సగానికి అటూఇటూగా ఉంటుంది. ఇవి చాలా మెల్లగా ఆవిరవుతాయి. అంటే ఏ క్షణంలో చూసినా గాల్లో ఉండే గంధం చాలా తక్కువ. మరి అంత తక్కువ ఉన్నా ఎలా తెలుస్తోంది? ముక్కుకు ఒక్కో పదార్థం ఎంత ఉంటే తెలుస్తుందనేది ఒక్కో రకంగా ఉంటుంది. కొన్నింటికి చిటికెడు కూడా అక్కర్లేదు. అందుకే ఎంత లేస్తోందన్నది ఒక లెక్క, ముక్కుకు ఎంత చాలునన్నది ఇంకో లెక్క. రెండూ కలిస్తేనే మనకు తెలిసే వాసన.

గంధం వేస్తే మిగతా వాసనలను పట్టి ఉంచుతుందని మీరు వినే ఉంటారు. ఇందులో నిజం కొంతే ఉంది. బరువైన నూనె ఎక్కువ కలిపితే తేలికవి కొంచెం నెమ్మదిస్తాయి. మల్లె లాంటి మధ్యస్తపు వాటిలో ఆ తేడా బాగానే తెలుస్తుంది. కానీ ఎంత గంధం పోసినా బెర్గమాట్‌ను సాయంత్రం దాకా కూర్చోబెట్టలేం. ఎనిమిది గంటల తర్వాత కూడా నిమ్మ తాజాదనం ఉందని ఏ సెంటయినా అనిపిస్తే, అది నిమ్మ కాదు, నిమ్మను గుర్తుచేసే ఏదో నెమ్మదైన పదార్థం వాడారని అర్థం. అది మోసమేమీ కాదు, పెర్ఫ్యూమర్ పనితనం.

ఇప్పటిదాకా కాగితం సంగతి చెప్పాను. మనిషి ఒంటి మీద లెక్క మారుతుంది. ఈ హాలు వేడి ఇప్పుడు ఓ ఇరవై ఐదు డిగ్రీలు ఉంటుందేమో. ముంజేతి చర్మం ముప్పై రెండు, ముప్పై మూడు డిగ్రీలు ఉంటుంది. పది డిగ్రీలు పెరిగితే ఈ పదార్థాలు ఆవిరయ్యే గుణం దాదాపు రెట్టింపు అవుతుంది, బరువైనవాటిలో రెట్టింపు కంటే కాస్త ఎక్కువే. అందుకే కాగితం మీద మూడున్నర గంటలకు కనబడిన మల్లె, చేతి మీద రెండు గంటలకే అంతగా ముందుకొస్తుంది. గంధం కూడా ఒంటి మీద ఇంకాస్త గట్టిగా పలుకుతుంది, చర్మం వేడి దాన్ని లేపుతుంది కాబట్టి. కాగితం మీద రోజులు నిలిచేది చేతి మీద ఆరేడు గంటలు నిలిస్తే గొప్పే.

బెంగళూరులో బాగున్న సెంటు చెన్నై వెళ్తే ఎబ్బెట్టుగా ఉందని నాతో చాలామంది అంటుంటారు. చర్మం వేడి ఊరూరికీ పెద్దగా మారదు, రెండు మూడు డిగ్రీల తేడా, అంతే. కానీ చొక్కా మీద, చున్నీ మీద కొట్టుకున్నది ఊరి వేడినే పట్టుకుంటుంది. మే నెలలో అక్కడ నిమ్మ దశ ఇంకా తొందరగా అయిపోతుంది. తీపి, వెనిలా, ఊదు లాంటి బరువైనవి ఇక్కడ మెల్లగా లేచేవి కాస్తా అక్కడ గుప్పున లేస్తాయి. లిఫ్టులో పక్కవాళ్లు తల తిప్పుకునేది అప్పుడే. అలాంటి ఊళ్లకు బేస్ తేలిగ్గా ఉన్నదాన్ని ఎంచుకోవాలి, లేదా కొట్టుకునేది సగం చేయాలి. చర్మం పొడిగా ఉంటే సెంటు తొందరగా పోయిందనిపిస్తుంది. వాసన లేని క్రీమో, పల్చగా నూనో రాసుకుని దాని మీద కొట్టుకుంటే కాసేపు ఎక్కువ ఉంటుంది, ఆ జిడ్డులో ఇవి కరిగి మెల్లగా బయటికి వస్తాయి.

ఇంకో పెద్ద చిక్కు ముక్కుతోనే. కొట్టుకున్న ఇరవై నిమిషాలకల్లా మన సెంటు మనకు తెలియడం మానేస్తుంది. పోయిందనుకుని ఇంకో నాలుగుసార్లు కొడతాం. పోలేదు, మన ముక్కు అలవాటు పడింది. పక్కసీటువాళ్లకు అది ఉన్నట్టే ఉంది. ఇది ఎలా తెలుసుకోవాలి? బయట పది నిమిషాలు నడిచి మళ్లీ చెయ్యి వాసన చూడండి. లేదా ఇంట్లోవాళ్లను అడగండి. షాపుల్లో గిన్నెలో కాఫీ గింజలు పెడతారు, ముక్కు మళ్లీ తాజా అవుతుందని. దాని అవసరం లేదు, మామూలు గాలి పీల్చినా అంతే ఫలితం. ఇందులో ఇంకో మెలిక ఉంది. కస్తూరి వాసనకు బదులుగా వాడే కొన్ని పెద్ద అణువులు కొంతమంది ముక్కుకు అసలు తెలియవు, పుట్టుకతోనే. అలాంటివాళ్లకు అవే బేస్‌గా ఉన్న సెంటు రెండు గంటల్లో మాయమైనట్టుంటుంది, ఎదుటివాళ్లకు మాత్రం సాయంత్రం దాకా తెలుస్తూనే ఉంటుంది. సెంటు నాసిరకమని తిట్టుకునే ముందు ఇంకో ముక్కుకు చూపించండి.

ఇప్పుడు కొనే సంగతి. మాల్‌లో సేల్స్ అమ్మాయి కొట్టి ఇచ్చిన కాగితం మనం వాసన చూసి, డబ్బు కట్టి బయటపడేది పది నిమిషాల్లో. అంటే మనం కొన్నది టాప్ నోట్‌ని. ఒంటి మీద అది ఉండేది అరగంట, తర్వాత ఏడు గంటలు మనం ఉండాల్సింది మిగతావాటితో. నేను చెప్పే పద్ధతి ఇది. ఒక రోజు మూడు సెంట్లకు మించి చూడకండి. కాగితం మీద కొట్టించుకుని, పేరూ టైమూ రాసుకుని, విడివిడిగా జేబులో పెట్టుకోండి. షాపు బయట ఏదైనా తిని, గంట తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ నచ్చినదాన్ని ఒక్కదాన్నే ముంజేతి మీద కొట్టించుకుని ఇంటికి వెళ్లిపోండి. కొట్టించుకున్న ఇరవై నిమిషాల తర్వాత ఒకసారి, రెండు గంటల తర్వాత ఒకసారి, అన్నం అదీ తిని, కొట్టించుకున్న ఐదు గంటల తర్వాత ఒకసారి చూడండి. ఆ ఐదు గంటల తర్వాతి వాసన మీకు నచ్చితేనే మర్నాడు వెళ్లి కొనండి. వేలకు వేలు పెట్టేటప్పుడు ఒక రోజు ఆగడం పెద్ద కష్టం కాదు.

డబ్బా మీద రాసిన నోట్స్ జాబితాను నమ్మి మాత్రం కొనకండి. అది ఫార్ములా కాదు, వర్ణన. అంబర్ అని రాస్తే అది ఒక దినుసు కాదు, లాబ్డనం జిగురు, వెనిలా లాంటివి కలిపి కట్టిన ఒక వాసన పేరు. మల్లె అని రాసి ఉన్న సీసాలో మల్లెపువ్వు సారం చుక్క కూడా ఉండకపోవచ్చు. అన్ని సెంట్లకూ ఈ మూడు దశలు ఉండాలని కూడా లేదు. మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకేలా ఉండేట్టు కావాలనే కట్టినవి ఇప్పుడు చాలా వస్తున్నాయి. 

ప్రశ్నలు అడగండి, ఇంకా టైం ఉంది.

(ముందు వరసలో ఒక అమ్మాయి: మణికట్టు మీద కొట్టుకుని రెండు చేతులూ రుద్దితే వాసన పాడవుతుందంటారు, నిజమేనా అండీ?)

అణువులు నలిగిపోతాయని అంటారు, అది నిజం కాదమ్మా. చేతులు రుద్దినంత మాత్రాన అణువులు విరగవు. కానీ రుద్దితే వేడి పుడుతుంది, సెంటు పల్చగా ఎక్కువ మేర పరుచుకుంటుంది. రెండింటివల్లా టాప్ తొందరగా ఎగిరిపోతుంది. ఆ మొదటి పావుగంటే నచ్చి కొనుక్కున్నవాళ్లయితే రుద్దకండి.

(ఒక పెద్దాయన: మాకు చిన్నప్పుడు హైదరాబాదులో చార్మినార్ దగ్గర అత్తరు కొనేవాళ్లం. అది మొదట్లో ఇంత గుప్పుమనేది కాదు, కానీ రెండో రోజు కూడా ఉండేది. అది వేరే పద్ధతా?)

వేరే పద్ధతేనండీ. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో సంప్రదాయంగా రాగి డేగ్‌లో పూలూ నీళ్లూ వేసి కాచి, ఆ ఆవిరిని గంధం నూనె ఉన్న పాత్రలోకి పంపేవారు. ఆ పాత్రను భప్కా అంటారు. అంటే మొదటి నుంచీ పువ్వు వాసన గంధంలోనే దిగేది. ఆల్కహాల్ లేదు కాబట్టి ఒక్కసారిగా లేచే విసురు లేదు, తేలికపాటి నిమ్మ దినుసులూ సాధారణంగా ఉండవు. మీరు రాసుకున్నది దాదాపు పూర్తిగా హార్ట్, బేస్. అందుకే ఒంటిని అంటిపెట్టుకుని, దగ్గరికి వచ్చినవాళ్లకే తెలిసేది. ఇప్పుడు గంధం నూనె ధర వల్ల చాలాచోట్ల వేరే వాసన లేని ద్రవాలు వాడుతున్నారు. వాటిలో ఆ రెండో రోజు గంధం ఉండదు. కొనేముందు చేతి వెనక ఒక చుక్క రాసుకుని మర్నాడు చూసుకుంటే తెలిసిపోతుంది.

(వెనక నుంచి ఒక ఆవిడ: మా అన్నయ్య దుబాయ్ నుంచి తెచ్చిన సీసా ఏడేళ్లుగా ఉంది. తీసి కొడితే మొదట టర్పెంటైన్ వాసన వస్తోంది, పది నిమిషాలకు బాగానే ఉంటోంది. పారేయాలా?)

మీరు చెప్పిన లక్షణం చాలా స్పష్టంగా ఉందమ్మా. ముందు పాడయ్యేది టాప్ నోటే. నిమ్మజాతి నూనెల్లోని లిమోనీన్ గాలి తగిలి, వెలుతురు తగిలి ఆక్సిజన్‌తో కలుస్తుంది. అప్పుడు ఇలా టర్పెంటైన్, పెయింటు వాసన వస్తుంది. అది కూడా తేలికదే కాబట్టి పది నిమిషాల్లో వెళ్లిపోతుంది, కింద ఉన్న గంధం, వెనిలా లాంటివి అన్నేళ్లయినా బాగానే ఉంటాయి. వాసన వరకే అయితే వాడుకోండి అనేదాన్ని. కానీ అలా మారిన లిమోనీన్, లినలూల్ కొంతమంది చర్మానికి ఎలర్జీ తెప్పిస్తాయి. కాబట్టి ఒంటి మీద వద్దు. ఇకపై కొనే సీసాలను బాత్రూం గూట్లోనో, కిటికీ దగ్గరో పెట్టకుండా డబ్బాతో సహా బీరువాలో పెట్టండి. సగానికి పైగా ఖాళీ అయిన సీసాలో గాలి ఎక్కువ ఉంటుంది, అలాంటిదాన్ని దాచకుండా ముందు వాడేయండి.